స్కిప్ వేరు, క్యాన్సిల్ వేరు: నెలవారీ బాక్సు వ్యాపారంలో రెండింటినీ ఎలా లెక్కించాలి

అనంతపురం నుంచి నెలనెలా చిరుధాన్యాల బాక్సు పంపే వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. బాక్సులో రెండు కిలోల కొర్ర బియ్యం, కిలో సామ బియ్యం, కిలో రాగి పిండి, లీటరు గానుగ వేరుశనగ నూనె. ధర వెయ్యి రూపాయలు. కొనుగోలుదారుల్లో ఎక్కువమంది బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉంటారు, కొంతమంది కర్నూలు, కడపల్లో ఉంటారు. సరుకు, అట్టపెట్టె, కొరియర్ ఖర్చులు పోగా ఒక్కో బాక్సు మీద 250 రూపాయలు మిగులుతాయనుకుందాం. ఇక్కడ వాడే అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ దగ్గర వేరే అంకెలు వస్తాయి, పద్ధతి మాత్రం ఇదే.

మే నెలలో ఒక కస్టమర్ “ఈ నెల వద్దు, ఇంట్లో ఇంకా ఉన్నాయి” అంటారు. ఇంకొకరు “ఇక పంపొద్దు” అంటారు. ఆ నెల ఇద్దరికీ బాక్సు వెళ్లదు, ఇద్దరి నుంచీ డబ్బు రాదు. అందుకే చాలామంది ఇద్దరినీ ఒకే గడిలో వేసేస్తారు. కానీ మొదటి కస్టమర్ ఇచ్చిన ఆటోపే అనుమతి అలాగే ఉంది, జూన్‌లో మీరేమీ చేయకపోయినా ఆర్డరు నడుస్తుంది. రెండో కస్టమర్ అనుమతి పోయింది. వారిని మళ్లీ తెచ్చుకోవాలంటే కొత్తగా అడగాలి, ఖర్చు పెట్టాలి. మొదటి కస్టమర్ వల్ల పోయింది ఒక బాక్సు, రెండో కస్టమర్ వల్ల పోయినవి ఇకముందు రావాల్సిన బాక్సులన్నీ.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. స్కిప్ చేసినవారు ఇంకా మన కస్టమర్లే కదా అని వారిని పూర్తిగా లెక్కలో ఉంచి, “మాకు 400 మంది ఉన్నారు” అని 400 బాక్సులకు సరుకు కొనేవారూ ఉన్నారు. రెండు తప్పులూ డబ్బు పోగొడతాయి, కాకపోతే ఒక్కోటి ఒక్కో చోట. అవి ఎక్కడ పోగొడతాయో చూసేముందు పుస్తకం సరిగ్గా పెట్టుకోవాలి.

మొదటి పని: ఒక కస్టమర్‌కు ఒక నెలకు ఒకే అక్షరం

షీట్‌లో ప్రతి కస్టమర్‌కు ప్రతి నెలా ఒక వరుస రాయండి. మొదటి గడిలో కస్టమర్ నంబరు, రెండో గడిలో నెల, మూడో గడిలో ఒకే ఒక అక్షరం. బాక్సు వెళ్తే P, ఆ నెలకు వద్దంటే S, పూర్తిగా ఆపేస్తే C, వద్దనలేదు కానీ డబ్బు కూడా రాకపోతే F, ఆ నెల అసలు వారి వంతే కాకపోతే N. చివరిది రెండు నెలలకోసారి తీసుకునేవారి కోసం. వారి వంతు రాని నెలను స్కిప్ కింద వేయకూడదు.

నెలను 2025-05 అని రాస్తే షీట్ దాన్ని తేదీగా మార్చేసి, తర్వాత ఫార్ములాలో దొరకకుండా చేస్తుంది. అందుకే 2505M లాగా రాసుకోండి.

ఒకే నెలలో ఒకే మనిషి రెండు పనులు చేస్తే ఏ అక్షరం వేయాలన్నది ముందే తేల్చుకోవాలి. 22న స్కిప్ నొక్కి, 24న క్యాన్సిల్ చేశారనుకోండి. డబ్బు తీసుకునే రోజుకు ముందు చివరగా ఏం చేశారో అదే ఆ నెల అక్షరం, అంటే C. స్కిప్ చేసి, నెల లెక్క ముగిశాక క్యాన్సిల్ చేస్తే ఈ నెలకు S, వచ్చే నెలకు C. ఈ నియమం లేకపోతే అదే మనిషి రెండు గడుల్లోనూ పడతారు. అక్షరాలన్నీ కలిపితే మొత్తం కస్టమర్ల సంఖ్య రాకపోవడమే దానికి గుర్తు. ప్రతి నెలా ఆ కూడిక ఒకసారి చేసి చూడండి.

F అన్న గడి దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కార్డుల మీద ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. డబ్బు తీసే 24 గంటల ముందైనా కస్టమర్‌కు సమాచారం వెళ్లాలి. ఆ సమాచారం అందాక ఆ ఒక్క చెల్లింపును వద్దనుకునే వీలు, మొత్తం అనుమతినే రద్దు చేసుకునే వీలు కస్టమర్‌కు ఉండాలి. యూపీఐ ఆటోపేలో అయితే ఫోన్‌లోని యాప్ నుంచే అనుమతిని కొన్నాళ్లు నిలిపి ఉంచుకోవచ్చు, రద్దు కూడా చేసుకోవచ్చు. అంటే మీ స్కిప్ బటన్ ముట్టుకోకుండానే బ్యాంకు దగ్గర స్కిప్ చేసేవారు, క్యాన్సిల్ చేసేవారు ఉంటారు. మీ పేమెంట్ గేట్‌వేలో మాత్రం అవన్నీ “ఫెయిల్” అనే కనిపించవచ్చు.

కాబట్టి F పడిన ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో ఒక ప్రశ్న పంపండి: “మీ చెల్లింపు జరగలేదు. ఈ నెల వద్దనుకున్నారా, లేక మళ్లీ ప్రయత్నించమంటారా?” ఈ నెల వద్దంటే F తీసి S వేయండి. ఖాతాలో డబ్బు లేక ఆగిందంటే వారు చెప్పిన తేదీకి మళ్లీ ప్రయత్నించి, డబ్బు వస్తే P వేయండి. అనుమతే రద్దై ఉండి, వారం దాటినా జవాబు రాకపోతే అది C. మిగిలినవి F గానే ఉండనివ్వండి. ఫెయిలైనవన్నీ గుడ్డిగా C లో వేస్తే, సరుకు నచ్చక వెళ్లినవారు ఎందరో, బ్యాంకు దగ్గర ఆగినవారు ఎందరో మీకు ఎప్పటికీ తెలియదు.

రెండో పని: దేనితో భాగించాలి

మే 1న మన పుస్తకంలో 400 మంది ఉన్నారనుకుందాం. వారిలో 40 మంది రెండు నెలలకోసారి తీసుకునేవారు, ఈ నెల వారి వంతు కాదు. వంతు వచ్చినవారు 360 మంది. నెల ముగిసేసరికి ఇలా తేలింది: 279 మందికి బాక్సులు వెళ్లాయి, 54 మంది స్కిప్ చేశారు, 18 మంది క్యాన్సిల్ చేశారు, 9 మంది డబ్బు రాలేదు. కలిపితే 360. లెక్క సరిపోయింది.

స్కిప్ రేటు అంటే 54 ని 360 తో భాగించడం, అంటే 15 శాతం. 400 తో భాగిస్తే 13.5 శాతం వస్తుంది. అది తప్పు, ఎందుకంటే వంతు రాని 40 మందికి స్కిప్ చేసే అవకాశమే లేదు. రెండు నెలల ప్లాన్‌లోకి మారేవారు పెరిగేకొద్దీ ఈ తప్పు కూడా పెరుగుతుంది. చివరికి స్కిప్‌లు తగ్గుతున్నాయని మీరు సంతోషిస్తుంటారు, నిజానికి ఏమీ తగ్గి ఉండదు. క్యాన్సిల్‌నూ అదే 360 తో భాగిస్తే 5 శాతం, రాని చెల్లింపులు 2.5 శాతం. మూడింటినీ ఒకే సంఖ్యతో భాగించినప్పుడే పక్కపక్కన పెట్టి చూడగలం. వంతు రాని నెలలో ఎవరైనా క్యాన్సిల్ చేస్తే ఆ C ని వారి తర్వాతి వంతు నెలలో వేయండి.

షీట్‌లో కస్టమర్ నంబరు A లో, నెల B లో, అక్షరం C లో ఉంటే మే స్కిప్ రేటుకు ఫార్ములా ఇది:

```
=COUNTIFS(B:B,"2505M",C:C,"S")/(COUNTIFS(B:B,"2505M")-COUNTIFS(B:B,"2505M",C:C,"N"))
```

"S" బదులు "C" పెడితే క్యాన్సిల్ రేటు, "F" పెడితే రాని చెల్లింపుల రేటు వస్తాయి.

కొత్తగా చేరినవారిని మొదటి నెల ఈ భాగహారంలో కలపకండి. డబ్బు కట్టే చేరతారు కాబట్టి వారు ఆ నెల స్కిప్ చేయరు. ప్రకటనలు గట్టిగా ఇచ్చిన నెలలో కొత్తవారు ఎక్కువగా చేరి, స్కిప్ రేటు తగ్గినట్టు చూపిస్తుంది. వారిని వేరే షీట్‌లో రాసి, రెండో నెల నుంచి ఇందులోకి తెచ్చుకోండి.

కలిపేస్తే ఏమవుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక కస్టమర్‌ను తెచ్చుకోవడానికి ఎంత ఖర్చు పెట్టొచ్చన్నది, ఆ కస్టమర్ మొత్తం మీద ఎన్ని బాక్సులు తీసుకుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. దాన్ని లెక్కించే తేలికైన దారి: వంతు వచ్చినవారిలో బాక్సు అందినవారి శాతాన్ని క్యాన్సిల్ శాతంతో భాగించాలి. మన లెక్కలో 279 అంటే 77.5 శాతం. 77.5 ని 5 తో భాగిస్తే 15.5 బాక్సులు. బాక్సుకు 250 చొప్పున 3,875 రూపాయలు.

స్కిప్‌లను క్యాన్సిల్‌లో కలిపేసిన వ్యాపారి దగ్గర క్యాన్సిల్ రేటు 20 శాతం అవుతుంది. 77.5 ని 20 తో భాగిస్తే నాలుగు బాక్సులు కూడా రావు, మిగిలేది సుమారు 970 రూపాయలు. ఒక కస్టమర్‌ను తేవడానికి ప్రకటనలకు 1,200 ఖర్చవుతుంటే ఈ లెక్క చూసి ప్రకటనలు ఆపేస్తారు. ఇంకా నష్టం ఏమిటంటే, జూన్‌లో తిరిగి బాక్సు తీసుకున్న పాతవారంతా ఈ పుస్తకంలో “కొత్త కస్టమర్లు” అవుతారు. అప్పుడు ఒక కస్టమర్‌ను తేవడానికి అయ్యే ఖర్చు కూడా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఒకచోట ఉన్నదానికన్నా ఘోరంగా, ఇంకోచోట ఉన్నదానికన్నా బాగా కనిపించే పుస్తకంతో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

స్కిప్‌లను అసలు పట్టించుకోని వ్యాపారి 54 మందినీ బాక్సు తీసుకున్నట్టే రాసుకుంటారు. అప్పుడు 92.5 ని 5 తో భాగిస్తే 18.5 బాక్సులు, 4,625 రూపాయలు. అంటే ఒక్కో కస్టమర్ మీద 750 రూపాయలు లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ ధైర్యంతో మొదటి బాక్సుకు పెద్ద తగ్గింపు ఇస్తారు, అది తిరిగి రాదు.

ఈ 15.5 అన్న అంకెను కూడా ఉన్నదున్నట్టు నమ్మకూడదు. క్యాన్సిల్ రేటు 5 శాతం అంటే ఒక కస్టమర్ సగటున 20 నెలలు ఉంటారని అర్థం. మీ వ్యాపారం మొదలై ఏడాదే అయితే 20 నెలలు ఉన్న కస్టమర్‌ను మీరింకా చూడలేదు. అందుకే మొదట్లో 12 నెలల వరకే లెక్కించండి. ఇవే శాతాలతో 12 నెలల్లో వచ్చేవి ఏడు బాక్సులు, సుమారు 1,780 రూపాయలు. కస్టమర్‌ను తెచ్చే ఖర్చును ఈ అంకె పక్కన పెట్టి చూడటం క్షేమం. దాని ఫార్ములా:

```
=0.775*(1-0.95^12)/0.05*250
```

0.95 అంటే ఒకటిలోంచి క్యాన్సిల్ రేటు తీసేస్తే వచ్చేది. శాతాలను ఒక్క నెలవి కాకుండా గత ఆరు నెలల సగటు తీసుకోండి.

పెద్ద కంపెనీలు కూడా దీన్ని ఒకే అంకెతో చెప్పలేవు. వంట సరుకుల కిట్లు అప్పట్లో వారానికోసారి పంపిన బ్లూ ఆప్రాన్, 2017లో అమెరికా స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లినప్పుడు ఆ త్రైమాసికంలో ఒక్క ఆర్డరుకైనా డబ్బు కట్టినవారినే కస్టమర్లుగా లెక్కించింది. దాని పక్కనే ఒక్కో కస్టమర్‌కు ఎన్ని ఆర్డర్లన్నది వేరే అంకెగా ఇచ్చింది. వారాలు వదిలేసే అలవాటు ఉన్న వ్యాపారంలో ఎందరున్నారన్నది ఒక ప్రశ్న, ఎన్ని తీసుకున్నారన్నది ఇంకో ప్రశ్న.

మూడో పని: వరుసగా ఎన్నో స్కిప్?

అన్ని స్కిప్‌లూ ఒకటి కావు. మొదటిసారి స్కిప్ చేసినవారిలో చాలామంది తర్వాతి నెల మామూలుగా తీసుకుంటారు. వరుసగా మూడోసారి స్కిప్ చేసినవారు మాత్రం దాదాపు వెళ్లిపోయినట్టే, చెప్పడానికి మొహమాటపడుతున్నారు అంతే. కానీ ఆ గీత రెండో స్కిప్ దగ్గర ఉందా, నాలుగో స్కిప్ దగ్గర ఉందా అన్నది మీ పుస్తకమే చెప్పాలి.

దానికి D గడిలో వరుస స్కిప్‌ల సంఖ్య వచ్చేలా చేయండి. షీట్‌ను ముందు కస్టమర్ నంబరు ప్రకారం, తర్వాత నెల ప్రకారం వరుసలో పెట్టి, D2 లో ఇది రాసి కిందికి లాగండి:

```
=IF(C2="S",IF(A1=A2,N(D1)+1,1),IF(AND(OR(C2="N",C2="F"),A1=A2),N(D1),0))
```

మధ్యలో వంతు రాని నెల గానీ, డబ్బు రాని నెల గానీ పడితే వరుస తెగదు. బాక్సు వెళ్తేనో, క్యాన్సిల్ అయితేనో సున్నాకు వస్తుంది. ఇది అవసరం, ఎందుకంటే స్కిప్, ఫెయిల్, స్కిప్ అని ఉన్న కస్టమర్ మూడు నెలలుగా మీ కొర్రలు వండలేదు.

మే నెల 54 మందిని ఇప్పుడు విడగొట్టండి. 38 మందికి ఇది మొదటి స్కిప్, 11 మందికి వరుసగా రెండోది, 5 మందికి మూడో లేదా ఆ తర్వాతది అనుకుందాం. జూన్ ముగిశాక వీరు ఏం చేశారో చూడండి. మొదటి గుంపులో 29 మంది బాక్సు తీసుకున్నారు, 6 గురు మళ్లీ స్కిప్ చేశారు, 3 గురు క్యాన్సిల్ చేశారు. అంటే నలుగురిలో ముగ్గురు తిరిగొచ్చారు. రెండో గుంపులో 11 మందికి 5 గురే తిరిగొచ్చారు. మూడో గుంపులో ఒక్కరు. ఐదుగురిని చూసి శాతం చెప్పకూడదు, ఆరేడు నెలల మూడో గుంపులను కలిపితే నమ్మదగ్గ అంకె వస్తుంది. ఎక్కడైతే తిరిగొచ్చేవారు మూడోవంతుకు తగ్గిపోతారో అక్కడ గీత గీయండి. మూడోవంతు అన్నది మా అభిప్రాయం, శాస్త్రమేమీ కాదు. కానీ ఒకసారి గీసిన గీతను ఏడాదిపాటు జరపకండి. జరిపితే పోయిన నెలతో ఈ నెలను పోల్చలేరు.

గీత దాటినవారిని క్యాన్సిల్‌లో వేయాలా? వద్దు. వారి అనుమతి ఇంకా బతికే ఉంది. “నిలిచినవారు” అని వేరే షీట్ పెట్టి, భాగించే సంఖ్యలోంచి వారిని తీసేయండి. లేకపోతే ఆ కొద్దిమందే ప్రతి నెలా స్కిప్ కొడుతూ మీ రేటును పెంచుతూ ఉంటారు, అసలు కస్టమర్లలో ఏం జరుగుతోందో ఆ మరుగున కనిపించదు. వారు మళ్లీ బాక్సు తీసుకుంటే “తిరిగొచ్చినవారు” అని రాయండి, కొత్తవారు అని కాదు. వారికి చెప్పకుండా ఒక రోజు హఠాత్తుగా డబ్బు తీసుకోవడం మాత్రం చేయకండి. నాలుగు నెలలు నిశ్శబ్దంగా ఉన్నవారి ఖాతాలోంచి వెయ్యి రూపాయలు పోతే ముందు ఫిర్యాదు వస్తుంది, వెనకే క్యాన్సిల్ వస్తుంది. “ఈ నెల పంపమంటారా?” అని అడిగి, అవునన్నాకే తీసుకోండి.

నాలుగో పని: కారణం అడగడం, ప్లాన్ మార్చడం

స్కిప్ నొక్కిన వెంటనే ఒకే ప్రశ్న, నాలుగే జవాబులు: ఇంట్లో ఇంకా ఉన్నాయి, ఊళ్లో ఉండం, ఈ నెల సరుకు నచ్చలేదు, డబ్బు సర్దుబాటు కాలేదు. ఐదో గడిలో వాళ్లను ఏదైనా రాయనివ్వండి, కానీ తప్పనిసరి చేయకండి.

చిరుధాన్యాల్లో మొదటి జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఇద్దరున్న ఇంట్లో వారానికి రెండు పూటలు కొర్రన్నం తింటే నెలకు రెండు కిలోలు అయిపోవు. అలాంటి కస్టమర్ షీట్‌లో P, S, P, S అని కనిపిస్తారు. వారు నిజానికి రెండు నెలల కస్టమర్, పొరపాటున నెలవారీ ప్లాన్‌లో ఉన్నారు. నాలుగు నెలలు ఈ వరుస కనిపిస్తే మీరే ఫోన్ చేసి, “అమ్మా, మీకు రెండు నెలలకోసారి పంపితే సరిపోతుందేమో, మార్చమంటారా?” అని అడగండి. వారికి ప్రతి రెండో నెలా గుర్తుపెట్టుకుని స్కిప్ నొక్కే బాధ తప్పుతుంది. ఒక నెల మరిచిపోయి, వద్దనుకున్న బాక్సు ఇంటికి రావడమే వారిని క్యాన్సిల్ దాకా తోస్తుంది. అయితే ఇలా పదిమందిని మార్చాక స్కిప్ రేటు తగ్గుతుంది, బాక్సుల సంఖ్య మాత్రం పెరగదు. దాన్ని అమ్మకాలు మెరుగైనట్టు రాసుకోకండి.

ఊళ్లో ఉండం అన్న జవాబుకు కాలం ఉంటుంది. సంక్రాంతికి, పిల్లల వేసవి సెలవులకు, దసరాకు బెంగళూరు, హైదరాబాద్ ఇళ్లకు తాళాలు పడతాయి. అందుకని మే స్కిప్ రేటును ఏప్రిల్‌తో పోల్చి భయపడకండి, నిరుటి మేతో పోల్చండి. ఇంకో కాలం కూడా ఉంది, దాన్ని మన జిల్లాల వారే పసిగట్టగలరు. ఖరీఫ్ శెనక్కాయ పంట ఇళ్లకు చేరాక సొంత ఊరి నుంచి సంచులు వెళ్తాయి, నూనె ఆడించి పంపేవారూ ఉంటారు. సీమ మూలాలున్న కస్టమర్లు ఆ రెండు నెలలు నూనె వద్దంటారు, నూనె కోసం మొత్తం బాక్సునే స్కిప్ చేస్తారు. నూనె తీసేసి అదే విలువకు జొన్నలో, అరికెలో పెట్టుకునే వీలిస్తే ఆ స్కిప్‌లలో కొన్ని ఆగుతాయి.

సరుకు నచ్చలేదు అన్నవారిని మాత్రం అదే వారంలో పలకరించండి. తర్వాతి నెలల్లో క్యాన్సిల్ అయ్యేవారు ఏ కారణం చెప్పి స్కిప్ చేసినవారో ఆరు నెలలకోసారి వెనక్కి చూస్తే, ఏ జవాబుకు ఎంత ప్రమాదం ఉందో తెలుస్తుంది.

ఐదో పని: గడువు తేదీ, కొనుగోలు

స్కిప్ రేటు వల్ల రోజూ ఉపయోగపడేది కొనుగోలులో. మే బాక్సులకు మిల్లుకు చెప్పేటప్పుడు 360 అని చెప్పి ఉంటే, 81 బాక్సుల సరుకు మిగిలేది. అంటే 162 కిలోల కొర్ర బియ్యం, 81 లీటర్ల నూనె. పాలిష్ పట్టని కొర్ర బియ్యంలో తవుడు ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది. అనంతపురం మే ఎండలో రేకుల గదిలో పెడితే కనరు వాసన తొందరగా వస్తుంది, పురుగు తుట్టెలు కడుతుంది. ఆ సరుకే జూన్ బాక్సులో వెళ్తే “సరుకు నచ్చలేదు” అన్న జవాబులు పెరుగుతాయి. అంటే మేలో స్కిప్‌లను లెక్కించని తప్పు జూలై నాటికి నిజమైన క్యాన్సిళ్లుగా మారుతుంది.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు నెల 18న కస్టమర్లందరికీ వచ్చే బాక్సులో ఏముందో, స్కిప్ చేయాలంటే ఎప్పటిలోగా చేయాలో సందేశం పంపండి, స్కిప్ లింకు అందులోనే ఉండాలి. 20న మిల్లుకు అంచనా చెప్పండి: వంతు వచ్చేవారి సంఖ్యలోంచి నిరుటి అదే నెల స్కిప్ శాతం, ఇటీవలి క్యాన్సిల్, ఫెయిల్ శాతాలు తీసేసి, కొత్తవారి కోసం కొంచెం కలపండి. 25 రాత్రి 12 గంటలకు స్కిప్ గడువు. 26న చెల్లింపు గురించి ముందస్తు సమాచారం వెళ్లేలా చూసుకుని, 28న డబ్బు తీసుకోండి. 30న అసలు సంఖ్య చెప్పి ధాన్యం దంపించండి. దంచని గింజ నెలల తరబడి నిలుస్తుంది, దంచిన బియ్యం నిలవదు. అందుకే 20న చెప్పేది గింజ పక్కన పెట్టమని మాత్రమే. మరుసటి నెల 5 లోగా కొరియర్‌కు ఇచ్చేయొచ్చు.

గడువు దాటాక వచ్చే స్కిప్‌లు ఎలాగూ ఉంటాయి. డబ్బు తీసుకోకముందు అడిగితే ఒప్పుకుని S వేయండి. డబ్బు తీసుకున్నాక అడిగితే దాన్ని వచ్చే నెల స్కిప్‌గా మార్చుకోవచ్చేమో అడగండి. ససేమిరా అంటే డబ్బు వెనక్కి ఇచ్చి, P ని S చేయండి, పక్కన “వాపసు” అని రాయండి. వాపసులు నెలకు నాలుగైదు దాటుతుంటే మీ 18వ తేదీ సందేశం చాలామంది చూడట్లేదని అర్థం. 24న ఇంకోసారి గుర్తుచేయండి.

ఆరు నెలలకు ఒకేసారి కట్టినవారు

వీరి లెక్క వేరు. వీరు ఒక నెల స్కిప్ చేస్తే మీకు రావాల్సిన డబ్బేమీ పోదు, ఎందుకంటే అది ముందే వచ్చింది. బదులుగా మీరు వారికి ఒక బాక్సు బాకీ ఉంటారు, వారి గడువు ఒక నెల పెరుగుతుంది. వీరిని నెలవారీ షీట్‌లో కలపకుండా వేరే షీట్‌లో రాసి, “ఇంకా ఇవ్వాల్సిన బాక్సులు” అన్న గడి పెట్టండి. పంపిన ప్రతిసారీ ఒకటి తగ్గాలి, స్కిప్ చేసినప్పుడు మారకూడదు. స్కిప్ చేసిన నెలను కూడా తగ్గించేస్తే కస్టమర్‌కు ఐదు బాక్సులే అందుతాయి, ఆరోది అడిగినప్పుడు గొడవవుతుంది.

వీరి క్యాన్సిల్ కూడా నెలనెలా కనిపించదు, ఆరు బాక్సులు పూర్తయిన రోజే తెలుస్తుంది. అందుకని వీరికి నెలవారీ క్యాన్సిల్ రేటు కట్టకండి. ఒక నెలలో ఎందరికి ఆరో బాక్సు వెళ్లింది, వారిలో ఎందరు మళ్లీ కట్టారు అన్నదే చూడండి. ఆరు బాక్సులు తీసుకోవడానికి తొమ్మిది నెలలు పట్టినవారు, ఆరు నెలల్లోనే తీసుకున్నవారు, ఈ రెండు గుంపుల్లో మళ్లీ కట్టినవారి శాతాన్ని విడివిడిగా రాసుకుంటే, తర్వాత ఎవరికి మూడు నెలల ప్లాన్ చూపించాలో ఎవరికి ఆరు నెలలది చూపించాలో తేలుతుంది.

స్కిప్ బటన్ దాచే ముందు

స్కిప్ రేటు 15 శాతం చూసి బటన్‌ను లోపలి పేజీలోకి నెట్టేయాలనిపిస్తుంది. నెట్టేస్తే స్కిప్ రేటు మొదటి నెలలోనే తగ్గుతుంది. కానీ ఇంట్లో కొర్రలు ఉన్నవారికి అవి ఇంకా ఉన్నట్టే, వారికి కనిపించే దారి ఇక క్యాన్సిల్ ఒక్కటే, లేదా బ్యాంకు యాప్‌లో అనుమతి రద్దు చేయడం. అందుకే ఇలాంటి ఏ మార్పు చేసినా S, C, F మూడింటినీ పక్కపక్కన పెట్టి కనీసం మూడు నెలలు చూడండి.

మన లెక్కలోనే చూడండి. స్కిప్ 15 నుంచి 11 శాతానికి తగ్గి, క్యాన్సిల్ 5 నుంచి 7 శాతానికి పెరిగి, ఫెయిల్ 2.5 దగ్గరే ఉందనుకుందాం. బాక్సు అందేవారు 77.5 నుంచి 79.5 శాతానికి పెరిగారు. ఈ నెల అమ్మకం పెరిగింది. కానీ 79.5 ని 7 తో భాగిస్తే ఒక కస్టమర్ తీసుకునేవి 11.4 బాక్సులే, ఇంతకుముందు 15.5. నెల ఆదాయం ఒక్కటే చూసేవారికి ఈ నష్టం వెంటనే కనిపించదు, కనిపించేసరికి వెళ్లినవారు వెళ్లిపోయి ఉంటారు. బటన్ మార్చాలనుకుంటే కస్టమర్ నంబరు సరిసంఖ్య అయినవారికే ముందు మార్చి, బేసి సంఖ్యవారికి పాతదే ఉంచి, రెండు గుంపుల మూడు శాతాలనూ మూడు నెలల తర్వాత పోల్చండి. ఆ మూడు నెలలూ రెండు గుంపులకూ ఒకే బాక్సు, ఒకే తేదీన సందేశం వెళ్లాలి.